అన్నమయ్య పాటకు కత్తెర వేస్తే: క్లాస్ ప్రాజెక్టుల వెనక ఉన్న కాపీరైట్ కథ

తిరుపతిలో మాస్ కమ్యూనికేషన్ చదివే పిల్లల ప్రాజెక్టు ఒకటి ఉందనుకుందాం. అన్నమయ్య కీర్తన కచేరీ నుంచి సినిమాకు, సినిమా నుంచి రింగ్‌టోన్‌కు వచ్చేసరికి ఏమైపోయిందన్నది విషయం. వీడియో ఆరు నిమిషాలు. అందులో పాత రికార్డు ముక్క ఒకటి, సినిమా వెర్షన్ ముక్క ఒకటి, అన్నమయ్య తంబురా పట్టుకున్న క్యాలెండర్ బొమ్మ, పేపర్లో వచ్చిన బ్రహ్మోత్సవాల ఫొటో, టైటిల్స్ కింద నలభై సెకన్ల వేణువు ఉంటాయి. ఎడిటింగ్ అంతా ఫోన్లోనే. సబ్మిట్ చేసే ముందు రోజు టెన్షన్‌లో ఎవరో ఒకరు అడుగుతారు: "సార్, ముప్పై సెకన్ల లోపైతే ఏం కాదు కదా?"

ఆ ముప్పై సెకన్లు ఎక్కడి నుంచి వచ్చాయోగానీ, మన కాపీరైట్ చట్టంలో మాత్రం అలాంటి లెక్క లేదు. పది సెకన్లు వాడినా తప్పు కావచ్చు, నిమిషం వాడినా ఒప్పు కావచ్చు. ఎందుకు వాడారన్నదాని మీదే అంతా ఆధారపడి ఉంటుంది. పైగా పాట రికార్డును విమర్శ కోసం కత్తిరించుకునే వెసులుబాటు మన చట్టంలో మొదట ఉండి, తర్వాత పోయి, మళ్లీ 2012లో వచ్చింది. నేటి గందరగోళంలో సగం ఆ రాకపోకల నుంచి పుట్టిందే.

1911 డిసెంబరులో బ్రిటన్ కొత్త కాపీరైట్ చట్టం చేసింది. చిన్న మార్పులతో 1914లో దాన్నే భారతదేశానికి వర్తింపజేశారు. చదువు, పరిశోధన, విమర్శ, సమీక్ష, పత్రికా సారాంశం కోసం 'ఏ రచననైనా' న్యాయంగా వాడుకోవచ్చని అందులో ఉంది. లాయర్లు ఇప్పటికీ ఫెయిర్ డీలింగ్ అనేది దీన్నే. గ్రామఫోన్ రికార్డులకు కూడా ఆ చట్టం రక్షణ ఇచ్చింది కాబట్టి, కనీసం కాగితం మీద, విమర్శకుడికి రికార్డు కూడా అందుబాటులోనే ఉంది. అప్పట్లో రికార్డును కోసి అతికించే సాధనం ఎవరి దగ్గరా లేదనుకోండి, అది వేరే సంగతి.

స్వాతంత్ర్యం వచ్చాక 1957లో మనం సొంత చట్టం చేసుకున్నాం. అది 1958 జనవరి నుంచి అమల్లోకి వచ్చింది. దాని అమరిక చాలావరకు బ్రిటన్ వాళ్ల 1956 చట్టానిదే. ఆ చట్టం సాహిత్యం, నాటకం, సంగీతం, చిత్రకళలను ఒక గూటిలోనూ, సౌండ్ రికార్డింగులూ సినిమాలను మరో గూటిలోనూ పెట్టింది. విమర్శకిచ్చిన మినహాయింపు మొదటి గూటికే దక్కింది. మన 52వ సెక్షన్‌లోనూ అదే జరిగింది. 'ఏ రచననైనా' అన్న మాట పోయి, ఆ నాలుగు రకాల రచనలే మిగిలాయి. కవితలో రెండు పాదాలు ఎత్తి చూపించి విమర్శించొచ్చు, చిత్రాన్ని అచ్చువేసి సమీక్షించొచ్చు. పాట రికార్డులోని ముక్కకు, సినిమాలోని దృశ్యానికి మాత్రం ఆ మినహాయింపు లేదు.

విద్యాసంస్థల సంగతి ఇంకా తమాషాగా ఉండేది. కాలేజీలో విద్యార్థులు, సిబ్బంది, తల్లిదండ్రుల ముందు రికార్డు వేసి వినిపించడానికి, సినిమా చూపించడానికి 1957 చట్టమే అనుమతి ఇచ్చింది. బోధనలో భాగంగా కాపీ చేసుకునే హక్కు మాత్రం మళ్లీ ఆ నాలుగు రకాలకే పరిమితం చేసింది. అంటే మాస్టారు క్లాసులో రికార్డు మొత్తం వినిపించొచ్చు, అదే రికార్డులో పన్నెండు సెకన్లు విద్యార్థి తన ప్రాజెక్టులోకి ఎక్కించుకోకూడదు. టేప్ రికార్డర్లు ఇంటింటికీ వచ్చాక ఈ తేడాను ఎవరూ పట్టించుకోలేదు. అడిగేవాళ్లు లేరు కాబట్టి అది తప్పన్న సంగతే చాలామందికి తెలియదు.

2012 జూన్ 21న అమల్లోకి వచ్చిన సవరణతో ఈ లోటు తీరింది. ఆ సవరణ చుట్టూ నడిచిన చర్చంతా గీత రచయితలు, సంగీత దర్శకుల రాయల్టీల గురించే. జావేద్ అఖ్తర్ రాజ్యసభలో గట్టిగా మాట్లాడింది కూడా వాటి గురించే. ఆ హడావిడిలో 52వ సెక్షన్ మార్పు పెద్దగా చప్పుడు లేకుండా జరిగిపోయింది. కంప్యూటర్ ప్రోగ్రాములు తప్ప ఏ రచననైనా విమర్శకు, సమీక్షకు న్యాయంగా వాడుకోవచ్చని రాశారు. ఆ విమర్శ 'ఆ రచన మీదైనా, ఇంకో రచన మీదైనా' కావచ్చన్న మాట పాత చట్టంలోనిదే, దాన్నలాగే ఉంచారు. బోధనలో టీచరు, విద్యార్థి చేసుకునే కాపీకి కూడా నాలుగు రకాల హద్దు తీసేశారు. నా దృష్టిలో విద్యార్థులకు ఆ సవరణ ఇచ్చిన అసలు లాభం ఇదే.

న్యాయంగా వాడుకోవడమంటే ఏమిటో చట్టం చెప్పదు. కోర్టులు కేసు కేసుకూ తేల్చుకుంటూ వచ్చాయి. మన పిల్లల రీమిక్స్‌కు బాగా దగ్గరగా ఉన్నది 1996లో కేరళ హైకోర్టు తేల్చిన నాటకం కేసు. తోప్పిల్ భాసి రాసిన పేరున్న నాటకానికి సివిక్ చంద్రన్ ప్రతినాటకం రాశారు. మూలంలోని పాత్రల్నీ సంభాషణల్నీ చాలానే తీసుకుని, ఆ నాటకం చెప్పిన రాజకీయాన్నే నిలదీశారు. ఎంత తీసుకున్నారు, దాని పక్కన విమర్శ ఎంత ఉంది, ఎందుకు తీసుకున్నారు, కొత్తది పాతదానికి పోటీగా నిలిచి దాని గిరాకీని తినేస్తుందా అని కోర్టు చూసింది. ప్రతినాటకం విమర్శేనని, ప్రదర్శనను ఆపక్కర్లేదని చెప్పింది. అంతకుముందే, 1971లో ఇంగ్లండ్‌లో లార్డ్ డెన్నింగ్ అనే జడ్జి ఇంకా సూటిగా చెప్పారు: బారెడు భాగం ఎత్తి రాసి జానెడు వ్యాఖ్య చేస్తే అన్యాయం కావచ్చు, జానెడు ఎత్తి రాసి బారెడు వ్యాఖ్య చేస్తే న్యాయం కావచ్చు.

ఇప్పుడు మన పిల్లల వీడియోకు వద్దాం. రెండో నిమిషంలో పాత రికార్డులోంచి పన్నెండు సెకన్లు, వెంటనే సినిమా వెర్షన్‌లోంచి అదే పల్లవి పన్నెండు సెకన్లు వినిపిస్తారు. ఆ తర్వాత వాయిస్ ఓవర్‌లో ఒకమ్మాయి, రాగం ఒకటే అయినా సినిమాలో తాళం వేగం పెరిగిందని, గమకాలు తగ్గి మాట ముక్కలైందని వివరిస్తుంది. రెండో ముక్క విమర్శకు గురైన రచన, మొదటిది ఆ విమర్శకు కొలబద్ద. 'ఇంకో రచన మీదైనా' అన్న మాట ఉన్నది సరిగ్గా ఇలాంటి పోలిక కోసమే. పోలిక తెలియడానికి పల్లవి మొత్తం కావాలంటే పాతిక సెకన్లు వాడినా నేను అభ్యంతరం చెప్పను. పాట మొత్తం వేసి చివర్లో 'ఎంత మారిపోయిందో చూశారుగా' అని ఊరుకుంటే మాత్రం అది విమర్శ కాదు, పాట పంచిపెట్టడం.

బొమ్మలతో వచ్చే చిక్కు వేరు. పాటలో ముక్క తీసుకోవచ్చు గానీ, బొమ్మలో సగం కోసి చూపిస్తే విమర్శ కుదరదు. చిత్రకారుడు అన్నమయ్యకు ఎలాంటి నగలు వేశాడో, వెనక ఏ గోపురం పెట్టాడో మాట్లాడాలంటే బొమ్మంతా కనిపించాలి. మొత్తం వాడినంత మాత్రాన తప్పైపోదు. అయితే ఆ మాటలు నడిచినంతసేపే దాన్ని తెర మీద ఉంచాలి, పోస్టర్‌గా ప్రింట్ తీసుకోదగినంత పెద్ద సైజులో పెట్టకూడదు. పేపర్ ఫొటో సంగతి అలా కాదు. దాని గురించి వీడియోలో ఒక్క మాట కూడా లేదు, వెనక అందంగా ఉంటుందని పెట్టారంతే. అది పేపర్ ఫొటోగ్రాఫర్ కష్టం. దాన్ని తీసేసి తాము తీసుకున్న ఫొటో పెట్టుకోవాలి.

వేణువుదీ అదే కథ. టైటిల్స్ కింద మోగే సంగీతాన్ని ఎవరూ విమర్శించడం లేదు, కనుక విమర్శ మినహాయింపు దానికి వర్తించదు. క్లాసు వరకైతే బోధనకిచ్చిన మినహాయింపు ఆదుకోవచ్చు. 2016లో ఢిల్లీ యూనివర్సిటీ ఫొటోకాపీ కేసులో, బోధన అంటే క్లాసులో పాఠం చెప్పే గంట ఒక్కటే కాదని ఢిల్లీ హైకోర్టు చెప్పింది. ఆ కేసు పుస్తకాల జిరాక్స్‌ల గురించి. అయినా మార్కుల కోసం చేసే ప్రాజెక్టు ఆ మాట కిందికి వస్తుందని వాదించడానికి మంచి ఆధారమే.

'అన్నమయ్య పాటకు కాపీరైట్ ఏమిటండీ?' అని కొందరు అడ్డం తిరుగుతారు. సాహిత్యానికి నిజంగానే లేదు. ఆయన 1503లోనే పోయారు. కానీ తిరుమలలో దొరికిన రాగిరేకుల మీద సాహిత్యం, రాగం పేరు ఉన్నాయేగానీ స్వరాలు లేవు. ఇప్పుడు మనం వినే వరుసల్లో చాలావాటిని ఇరవయ్యో శతాబ్దపు సంగీతకారులు కట్టారు. వాళ్లలో ఒకరైన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ 1979లో కన్నుమూశారు. మన చట్టంలో రచయిత పోయిన మరుసటి ఏడాది నుంచి అరవై ఏళ్ల లెక్క కాబట్టి, ఆయన కట్టిన వరుసకు 2039 చివరి దాకా హక్కు ఉంటుంది. ఆ వరుసలో ఎవరో పాడిన రికార్డింగుకు విడిగా ఇంకో హక్కు, అది విడుదలైన ఏడాదిని బట్టి అరవై ఏళ్లు. అందుకే టైటిల్స్‌కు నిశ్చింతగా వాడుకోదగినది ఏదంటే, సంగీత కళాశాలలో చదివే స్నేహితురాలు తనే వరుస కట్టి, తనే పాడి ఇచ్చిన కీర్తన. ఆమె 'సరే' అంటే చాలు.

వీడియో క్లాసు గడప దాటాకే పై తేడాలన్నీ బయటపడతాయి. కాలేజీ డేలో తల్లిదండ్రుల ముందు వేస్తే చట్టం ఒప్పుకుంటుంది, ఆ ప్రేక్షకుల పేరు సెక్షన్‌లోనే ఉంది. యూట్యూబ్‌లో పెడితే విద్యాసంస్థలకిచ్చిన వెసులుబాటు అక్కడితో ఆగిపోతుంది. విమర్శకిచ్చినది మాత్రం ఆగదు, ఎందుకంటే దానికి ప్రేక్షకులెవరన్న షరతు లేదు. అంటే రెండో నిమిషంలోని పోలిక, క్యాలెండర్ బొమ్మ వీడియోతో పాటే బయటికి వెళ్లగలవు, వేణువు వెళ్లలేదు.

యూట్యూబ్‌లో పాటల్ని దానంతటదే పోల్చి పట్టుకునే Content ID మాత్రం విమర్శనూ వేణువునూ విడదీసి చూడదు. శబ్దం సరిపోలితే చాలు, రెంటి మీదా క్లెయిమ్ పడుతుంది. అప్పుడు పోలిక ముక్కల మీద డిస్ప్యూట్ వేయొచ్చు. క్లెయిమ్ చేసినవాళ్లకు జవాబివ్వడానికి ముప్పై రోజులు గడువు. 'ఎడ్యుకేషన్ కోసమే' అని ఒక్క ముక్క రాస్తే అవతలివాళ్లకు తేల్చుకోవడానికి ఏమీ ఉండదు. ఫలానా నిమిషం నుంచి ఫలానా నిమిషం దాకా ఈ రికార్డు ముక్క, దాని తాళం మీద వ్యాఖ్య ఇక్కడ మొదలై ఇక్కడ ముగుస్తుంది, 52వ సెక్షన్ ప్రకారం విమర్శ కోసం వాడాం అని రాయాలి. వేణువు మీద పడిన క్లెయిమ్‌కు ఇలా రాయడానికేమీ ఉండదు కాబట్టి, ఆ నలభై సెకన్ల ట్రాక్‌ను అప్‌లోడ్‌కు ముందే మార్చేయడం మంచిది.