చార్జింగ్ పెడితే "Trust" అని ఎందుకు అడుగుతుంది, దాని వెనక కథ

చార్జింగ్ కోసమని పబ్లిక్ యూఎస్‌బీ పాయింట్‌కి ఫోన్ పెడితే స్క్రీన్ మీద "Trust This Computer?" అని వచ్చిందనుకోండి, అవతల ఉన్నది ఉత్త చార్జర్ కాదు, కంప్యూటర్‌లా మాట్లాడే ఏదో ఉంది అని అర్థం. ఈ ప్రశ్న మొదట్నుంచీ లేదు.

మామూలు యూఎస్‌బీ కేబుల్‌లో కరెంటుకి రెండు తీగలు, డేటాకి రెండు. పాత ఫోన్లు చాలావరకు కంప్యూటర్ తగిలితే చాలు, అడక్కుండానే ఫైళ్ళు చూపించేసేవి. 2011లో డెఫ్‌కాన్ అనే హ్యాకర్ల సభలో కొందరు ఫ్రీ చార్జింగ్ కియోస్క్ పెట్టారు, ఫోన్ గుచ్చగానే కియోస్క్ స్క్రీన్ మీద హెచ్చరిక వచ్చేది. వచ్చినోళ్ళంతా సెక్యూరిటీ తెలిసినోళ్ళే, అయినా మూడున్నర రోజుల్లో కనీసం 360 మంది గుచ్చారు! దాని గురించి రాస్తూనే సెక్యూరిటీ జర్నలిస్ట్ బ్రయాన్ క్రెబ్స్, ఇలా చార్జింగ్ పేరుతో ఫోన్ డేటా కొట్టేయడానికి 'జ్యూస్ జాకింగ్' అని పేరు పెట్టాడు.

2013లో అమెరికాలోని జార్జియా టెక్ యూనివర్సిటీ వాళ్ళు చిన్న కంప్యూటర్ బోర్డుతో దొంగ చార్జర్ చేసి, అన్‌లాక్ అయిన ఐఫోన్‌లోకి నిమిషం లోపే యాప్ ఎక్కించి చూపించారు. ఆ ఏడాదే ఐఓఎస్ 7లో ఈ ట్రస్ట్ ప్రశ్న వచ్చింది, 2015లో ఆండ్రాయిడ్ 6 నుంచి గుచ్చగానే చార్జింగ్ మాత్రమే అన్నది డిఫాల్ట్ అయింది.

ఇక అయిపోయింది అనుకున్నారు, కానీ ఇక్కడో లొసుగు ఉంది. ప్రశ్నకి జవాబు మనిషే నొక్కుతాడని ఫోన్ నమ్ముతుంది కదా, 2025లో ఆస్ట్రియాలోని గ్రాజ్ టెక్నికల్ యూనివర్సిటీ వాళ్ళు దాన్నే పట్టుకున్నారు. వాళ్ళ చార్జర్ ముందు కీబోర్డ్‌లా నటించి ఫోన్‌లో బ్లూటూత్ ఆన్ చేసి తననే బ్లూటూత్ కీబోర్డ్‌గా పెయిర్ చేసుకుంటుంది, తర్వాత వేషం మార్చి కంప్యూటర్ అవుతుంది, ప్రశ్న రాగానే ఆ బ్లూటూత్ కీబోర్డ్ నుంచే సరే నొక్కేస్తుంది. అంటే అనుమతి అడిగేదీ అదే, ఒప్పుకునేదీ అదే. దీనికి మందుగా ఐఓఎస్ 18.4, ఆండ్రాయిడ్ 15 పిన్ లాంటిది అడగడం మొదలెట్టాయి, కానీ ఆండ్రాయిడ్ 15 ఉన్నా కొన్ని కంపెనీల ఫోన్లలో అది రాలేదు.

నిజం చెప్పాలంటే బయట జనం మీద ఇలా జరిగిందని రుజువైన కేసులు దాదాపు కనిపించవు, 2023లో ఎఫ్‌బీఐ డెన్వర్ ఆఫీసు ట్వీట్ చేసింది కూడా జనరల్ హెచ్చరికే. కాబట్టి భయపడక్కర్లేదు, కానీ ప్రశ్న వస్తే "Don't Trust" నొక్కి కేబుల్ పీకేయండి, ఆండ్రాయిడ్‌లో అయితే "No data transfer" ఉందో లేదో చూడండి, డెవలపర్ల కోసం ఉండే యూఎస్‌బీ డీబగ్గింగ్ సెట్టింగ్ ఆన్‌లో ఉంటే ఆపేయండి. గుచ్చి ఉన్నంతసేపు ఫోన్ లాక్‌లోనే ఉంచడం మంచిది, ఎందుకంటే ఈ దాడుల్లో ఎక్కువ వాటికి అన్‌లాక్ అయిన ఫోనే కావాలి. మన సొంత చార్జర్‌ని గోడ సాకెట్‌లో పెడితే ఈ గొడవే లేదు, అక్కణ్ణుంచి వచ్చేది కరెంటు మాత్రమే. పవర్‌బ్యాంక్ అయినా ఓకే. డేటా బ్లాకర్ అని చిన్న అడాప్టర్ దొరుకుతుంది, అందులో డేటా తీగలు కలపరు, కాకపోతే చాలావాటితో ఫాస్ట్ చార్జింగ్ కూడా పోతుంది, ఎందుకంటే ఎంత కరెంటు కావాలో ఫోన్, చార్జర్ మాట్లాడుకునేది చాలా రకాల్లో ఆ తీగల మీదే.