సార్లు ముందు తిని చూడాలనే రూల్ ఎక్కడిది?

నాగర్‌కర్నూల్ దగ్గర ఓ ప్రాథమిక పాఠశాల. తల్లిదండ్రుల మీటింగ్‌లో హెడ్‌మాస్టర్ చెబుతున్నారు: "ఇక నుంచి వంట మొదలుకాకముందే స్టోర్ రూము, గిన్నెలు చూస్తాం. పిల్లలకు మధ్యాహ్న భోజనం పెట్టే ముందు మాలో ఒకరం తిని, రిజిస్టర్‌లో రాసి సంతకం చేస్తాం." వెనక నుంచి ఒక తల్లి అడిగింది: "గిన్నేండ్ల నుంచి పెడుతున్నరు గదా సారూ, ఇప్పుడెందుకు?"

1995లో మధ్యాహ్న భోజన పథకం మొదలైనప్పుడు చాలా రాష్ట్రాల్లో బడికొచ్చే పిల్లలకు నెలకు 3 కిలోల ధాన్యం ఇచ్చేవారు. బడిలో వంటే లేదు కాబట్టి రుచి చూసే ప్రశ్నా లేదు. వండిన అన్నమే పెట్టాలని సుప్రీంకోర్టు 2001 నవంబరులో ఆదేశించింది. మన దగ్గర 2003 జనవరిలో బడిలో పొయ్యి వెలిగింది. వంట మహిళా సంఘాల చేతికి వచ్చింది.

రుచి చూడటం దేశమంతా గట్టి నిబంధన అయింది మాత్రం ఓ ఘోరం తర్వాతే. 2013 జులైలో బిహార్‌లోని గండామన్‌లో బడి భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంటనూనెలో పురుగుమందు కలిసింది. 2015 నిబంధనల్లో, ఒక టీచరుతో సహా ఇద్దరు ముగ్గురు పెద్దలు రుచి చూశాకే వడ్డించాలని రాశారు. రూల్ ఉన్నా, చాలాచోట్ల అది సంతకంగానే మిగిలింది.

2024 నవంబరులో పాత పాలమూరులోని మాగనూరు బడిలో భోజనం చేసిన పిల్లలు ఆసుపత్రి పాలయ్యారు. విషయం హైకోర్టుదాకా వెళ్లింది. ఆ నెలలోనే ప్రభుత్వం ప్రతి బడిలో ఫుడ్ సేఫ్టీ కమిటీ వేయాలంది. హెడ్‌మాస్టర్, మరో ఇద్దరు సిబ్బంది అందులో ఉంటారు. హెడ్‌మాస్టర్ ఆరోజు చదివి వినిపించింది దీన్నే.

రుచి చూస్తే అన్నీ తెలిసిపోవు, ఆ మాటా ఆయన దాచలేదు. పులిసిన పప్పు, పురుగుమందు వాసన, పురుగులు దొరుకుతాయి. పొద్దున్నే వండి గంటల తరబడి మూతపెట్టిన అన్నంలో పెరిగే బ్యాక్టీరియా విషం నాలుకకు దొరకదు. మళ్లీ వేడి చేసినా పోదు. అందుకే నా లెక్కలో రుచికన్నా ఎప్పుడు వండారన్నదే ముఖ్యం.

సరుకు తూకం తల్లిదండ్రులే చూసుకోవచ్చు. ప్రాథమిక తరగతుల్లో ఒక్కొక్కరికి బియ్యం 100 గ్రాములు, పప్పు 20, కూరగాయలు 50. అరవై మంది వస్తే 6 కిలోల బియ్యం, కిలోంబావుకు కాస్త తక్కువ పప్పు, 3 కిలోల కూరగాయలు. పప్పు నీళ్లలా ఉంటే ముందు ఆ కిలోంబావే అడగాలి. అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలోని తల్లులు వంటగదిలోకి రావచ్చని హెడ్‌మాస్టర్ చెప్పారు.

వంట చేసే అక్కలది వేరే బాధ. బిల్లులు ఆలస్యమైతే కూరగాయలు కొట్టులో అప్పు మీద తేవాలి, అప్పు ఇచ్చేవాడు ఏది ఇస్తే అదే తీసుకోవాలి. కొత్త మార్గదర్శకం వంటగదినీ స్టోర్‌నూ తనిఖీ చేయమంటుందే గానీ, ఆ బాకీ సంగతి చూడదు.