జాయినింగ్ ఫారంలో ఖాళీ గడులు: కొన్ని అపోహలు, కొన్ని వాస్తవాలు

బెజవాడ గవర్నర్‌పేటలో ఒక లేబర్ కన్సల్టెంట్ ఆఫీసులో తొమ్మిదేళ్లుగా ఇదే పని చేస్తున్నాను. ఆటోనగర్ షాపుల నుంచి, గుంటూరు వైపు స్పిన్నింగ్ మిల్లుల నుంచి, మిర్చి కోల్డ్ స్టోరేజీల నుంచి కొత్తగా చేరినవాళ్ల జాయినింగ్ ఫారాలు మాకు కట్టలుగా వస్తాయి. వాటిలోని వివరాలు ఎంప్లాయీ రికార్డులోకి ఎక్కించాలి. తప్పనిసరి గడుల్లో ఏవి ఖాళీగా ఉన్నాయో గుర్తుపెట్టి, ఆ జాబితా కంపెనీకి తిప్పి పంపాలి. చూసేవాళ్లకి ఇది ఉత్త టైపింగే. మా దగ్గర కొత్తగా చేరే పిల్లలు కూడా అలాగే అనుకుని వస్తారు. వాళ్లకు మొదటి వారంలో నేను చెప్పేవే ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: రికార్డులో ఖాళీ ఉండకూడదు, ఏదో ఒకటి కొట్టేసి ముందుకు పోవాలి.

ఈ తప్పు నేనే చేశాను. చేరిన మొదటి ఏడాది, ఒకాయన ఫారంలో పుట్టిన తేదీ దగ్గర 'వయసు 28' అని మాత్రమే ఉంది. సాఫ్ట్‌వేర్ తేదీ లేకుండా ముందుకు కదలదు. లెక్కేసి ఆ సంవత్సరం జనవరి 1 అని కొట్టేశాను. అప్పటికి బ్రహ్మాండంగా పని అయిపోయింది. రెండేళ్లకు ఆయన ఉద్యోగం మానేసి పీఎఫ్ డబ్బుకు పెట్టుకుంటే, ఆధార్‌లో తేదీకీ పీఎఫ్ ఖాతాలో తేదీకీ పొంతన లేదని క్లెయిమ్ తిరిగొచ్చింది. దాన్ని దిద్దించాలంటే అప్పట్లో ఉద్యోగి, కంపెనీ కలిసి జాయింట్ డిక్లరేషన్ పెట్టాల్సి వచ్చేది. ఆయన మంగళగిరి నుంచి మూడుసార్లు మా ఆఫీసు మెట్లెక్కాడు. "నేను ఆ తేదీ ఎక్కడా రాయలేదు కదండీ" అన్నాడు. నిజమే, ఆయన రాయలేదు.

ఖాళీగా వదిలి గుర్తుపెడితే ఎవరో ఒకరు అడుగుతారు. ఊహించి నింపితే ఇంకెవరూ అడగరు, ఎందుకంటే తెర మీద అది నిజం తేదీలాగే కనిపిస్తుంది. ఇప్పటికీ పాత రికార్డులు తెరిస్తే జనవరి 1న పుట్టినవాళ్లు, 9999999999 నంబరున్నవాళ్లు వరసగా దొరుకుతారు. జనవరి 1న నిజంగా పుట్టినవాళ్లు లేకపోలేదు. అందుకే ఆ తేదీ కనిపించగానే తప్పనకుండా, పక్కన ఏదైనా సర్టిఫికెట్ కాపీ ఉందేమో చూస్తాను.

సాఫ్ట్‌వేర్ ఖాళీని ఒప్పుకోకపోతే ముందు ఎక్సెల్లో ఎక్కించండి. అక్కడ గడి ఖాళీగా ఉన్నా ఎవరూ ఆపరు. కావలసినవి వచ్చాకే సాఫ్ట్‌వేర్‌లోకి పంపండి.

అపోహ: ఖాళీ అంటే ఖాళీయే, అన్నిటికీ ఒకటే ఎర్ర రంగు.

అసలు పని ఇక్కడే ఉంది. ఖాళీగా కనిపించే గడి వెనక కనీసం నాలుగు సంగతులుంటాయి. రాయడం మర్చిపోయి ఉండవచ్చు. అది వాళ్లకు వర్తించకపోవచ్చు. రాశారు గానీ చదవడానికి రాకపోవచ్చు. లేదా రాసినది సగమే అయ్యుండవచ్చు. ఈ నాలుగింటికీ ఒకే గుర్తు పెడితే కంపెనీలో టైమ్ ఆఫీసు క్లర్కు ఎవర్ని ఏమడగాలో తెలియక మొత్తం జాబితా పక్కన పడేస్తాడు. మా షీట్లో ప్రతి తప్పనిసరి గడి పక్కన ఒక స్టేటస్ కాలమ్ ఉంటుంది. అందులో `BLANK`, `NA`, `UNREADABLE`, `PARTIAL` అని రాస్తాం. ఫారానికీ జతచేసిన కాపీకీ తేడా ఉంటే `MISMATCH`.

ఒక ఫారం చూద్దాం. గుంటూరు దగ్గర ఒక మిల్లులో మెషిన్ మీద పనికి చేరిన అమ్మాయిది, జీతం 14,500. ఫారమంతా ఇంగ్లీషు పెద్దక్షరాల్లో ఉంది, కింద సంతకం మాత్రం తెలుగులో. అంటే నింపింది వేరొకరు. ఇది గమనించడం ముఖ్యం. ఇలాంటి ఫారంలో 'లేదు' అని ఉంటే, అది ఆ అమ్మాయి చెప్పిన మాటో, నింపినవాడు అడక్కుండా గీసినదో మనకు తెలియదు.

పేరు దగ్గర ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉంది, ఆధార్ కాపీలో మాత్రం పూర్తిగా ఉంది. `MISMATCH`. తండ్రి లేక భర్త పేరుకు ఒకటే గడి ఇచ్చారు. అందులో ఒక మగవాళ్ల పేరు ఉంది గానీ ఎవరిదో లేదు. రికార్డులో పేరు ఎక్కించి, బంధుత్వం గడికి `BLANK` పెట్టాను. పెళ్లయిందని టిక్కు ఉంది కదా, భర్తే అయ్యుంటాడని మన చెయ్యి వెంటనే కొట్టేయబోతుంది. కొట్టకూడదు. పుట్టిన తేదీ దగ్గర 1996 అని మాత్రమే ఉంది: `PARTIAL`. సెల్ నంబరు తొమ్మిదంకెలే: `PARTIAL`. నామినీ పేరు దగ్గర 'అమ్మ' అని ఉంది. పేరు లేదు, వయసు లేదు, వాటా లేదు. గడి నిండినట్టే కనిపిస్తుంది, చేతికి అందేది ఏమీ లేదు. అదీ `PARTIAL`.

అన్నిటికన్నా సులువుగా జారిపోయేది యూఏఎన్ గడి, అంటే ఉద్యోగం మారినా మారని పీఎఫ్ నంబరు రాసేది. గతంలో ఎక్కడైనా పనిచేశారా అన్నచోట 'లేదు' అని ఉంది, కాబట్టి యూఏఎన్ ఖాళీగా ఉండటం సహజమే అనిపిస్తుంది. `NA` పెట్టేసి తిప్పేయవచ్చు. కానీ రెండో పేజీలో అనుభవం దగ్గర '2 సం. అదే పని' అని రాసి ఉంది. రెండేళ్లు మిల్లు పని చేసినవాళ్లకు పీఎఫ్ కోసి ఉండే అవకాశం ఎక్కువ. అందుకే అక్కడ `NA` పెట్టలేదు, `BLANK` పెట్టి 'రెండో పేజీ చూడండి' అని రాశాను. ఒక గడి ఖాళీ అవునో కాదో చెప్పడానికి ఆ ఒక్క గడి చూస్తే చాలదు.

పాన్ దగ్గర అడ్డగీత ఉంది. ఈ జీతానికి పన్ను పడదు కాబట్టి దానికి గుర్తు పెట్టలేదు. ఇదే గీత పన్ను పడే జీతం తీసుకునే మేనేజరు ఫారంలో ఉంటే మొదట పెట్టే గుర్తు అదే. పాన్ ఇవ్వకపోతే కనీసం 20 శాతం కోత పడుతుంది.

అపోహ: ఫారంలో స్టార్ గుర్తు ఉన్నవే తప్పనిసరి.

ఆ స్టార్లు ఫారం ప్రింటు చేయించినవాళ్లు పెట్టినవి. ఒక కంపెనీ ఫారంలో బ్లడ్ గ్రూపుకు స్టార్ ఉంది, బ్యాంకు ఐఎఫ్ఎస్‌సీకి లేదు. తప్పనిసరి అనేది మనిషిని బట్టి, జీతాన్ని బట్టి మారుతుంది. నెల జీతం 21,000 లోపు ఉండి, కంపెనీ ఈఎస్ఐ కిందకు వస్తే కుటుంబ సభ్యుల వివరాలు, డిస్పెన్సరీ కావాలి. అదే మిల్లులో 32,000 జీతానికి చేరిన సూపర్‌వైజర్ ఫారంలో అవి ఖాళీగా ఉంటే `NA`. అందుకని కట్ట రాగానే మేము మొదట ఎక్కించేది జీతం, చేరిన తేదీ, పాత ఉద్యోగం. ఆ మూడూ తెలిస్తేనే మిగతా గడుల్లో ఏది తప్పనిసరో తేలుతుంది.

అపోహ: గడి నిండింది కాబట్టి సరిపోయింది.

ఎక్సెల్లో గడి తుడవడానికి చాలామంది డిలీట్ బదులు స్పేస్ బార్ నొక్కుతారు. కంటికి ఖాళీ, ఎక్సెల్‌కి మాత్రం నిండిన గడి. అందుకే గడి ఖాళీనా అని చూసే `ISBLANK` ఫార్ములాని నమ్మను. ఐఎఫ్ఎస్‌సీ కాలమ్‌కి నేను వాడేది ఇది:

```
=IF(LEN(TRIM(E2))=0,"BLANK",IF(LEFT(TRIM(E2),4)="ANDB","OLD IFSC",IF(LEN(TRIM(E2))<>11,"PARTIAL","")))
```

మధ్యలో `ANDB` ఎందుకంటే, 2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది, ఐఎఫ్ఎస్‌సీ కోడ్‌లు `UBIN`తో మొదలయ్యేవి వచ్చాయి. మన ప్రాంతంలో ఆ బ్యాంకు పాస్‌బుక్ లేని ఇల్లు తక్కువ. పాత పాస్‌బుక్ జిరాక్స్ చూసి రాసినవాళ్ల ఫారాలు ఇప్పటికీ వస్తాయి.

అకౌంట్ నంబరుతో ఇంకో చిక్కుంది. ఎక్సెల్ ఒక సంఖ్యలో 15 అంకెల వరకే సరిగ్గా పట్టుకుంటుంది. 16 అంకెల అకౌంట్ నంబరు మామూలుగా కొడితే చివరి అంకె సున్నా అయిపోతుంది, ఏ హెచ్చరికా రాదు. ముందు సున్నాలుంటే అవీ ఎగిరిపోతాయి. అందుకే కాలమ్ మొత్తాన్ని టైపు చేయకముందే టెక్స్ట్‌గా మార్చాలి. తర్వాత మార్చితే పోయిన అంకె తిరిగి రాదు.

ఎక్కించాక ఒకరు ఫారం చదువుతుంటే ఇంకొకరు తెర మీద చూడటం మా పద్ధతి. నంబర్లు రెండేసి అంకెలుగా చదవనివ్వను. ఫ్యాను చప్పుడులో 'ఇరవై', 'అరవై' ఒకేలా వినపడతాయి. ఒక్కో అంకెగా చదవాల్సిందే.

అపోహ: ఆధార్ జిరాక్స్ ఉందిగా, చూసి మనమే దిద్దేయొచ్చు.

దిద్దకూడదు. ఫారంలో ఉన్నది ఒక కాలమ్‌లో ఉన్నదున్నట్టు, కాపీలో ఉన్నది పక్క కాలమ్‌లో. మూడో కాలమ్, అంటే రికార్డుకు వెళ్లేది, ఆ మనిషి ఒప్పుకున్నాకే నిండుతుంది. ఒక్కోసారి ఆధార్‌లోనే తప్పుంటుంది, పదో తరగతి సర్టిఫికెట్‌లో వేరే తేదీ ఉంటుంది. ఏది దిద్దించుకోవాలో తేల్చాల్సింది వాళ్లు.

ఆ మిల్లు అమ్మాయి ఫారానికి మొత్తం ఆరు గుర్తులు పడ్డాయి. టైమ్ ఆఫీసుకు ఫోన్ చేస్తే, "అన్నీ నింపే పంపాం కదమ్మా" అన్నాడు క్లర్కు. "నింపారు సార్, ఈ ఆరు మాత్రం ఆమెనే అడిగి చెప్పాలి" అని వరసగా చదివాను. భోజనాల వేళ ఆమెనే లైన్లోకి పిలిచాడు. గడిలో ఉన్న పేరు భర్తది కాదు, తండ్రిది. తేదీ, సెల్‌లో పోయిన అంకె అక్కడికక్కడే చెప్పింది. పేరు ఆధార్‌లో ఉన్నట్టే ఉండనివ్వమంది, ఆ మేరకు ఫారం మీద సంతకం పెట్టించి ఫోటో పంపమన్నాను, తేదీకి టెన్త్ సర్టిఫికెట్ కాపీ కూడా. పాత మిల్లులో పీఎఫ్ కోసేవాళ్లట, నంబరు గుర్తులేదు, ఇంట్లో పేస్లిప్ ఉందేమో చూస్తానంది. నామినీ సంగతి అడిగితే కాసేపు మాట్లాడలేదు. "ఇంట్లో అడిగి చెప్తానక్కా" అంది. ఆ రెండు గుర్తులూ అలాగే ఉంచి షీట్ పంపాను.