వీర ఎవరు? ఒక గోదావరి పేరు ఆఫీసు మెయిల్లోకి వెళ్ళేసరికి

మా మేనల్లుడు ఈమధ్య వేరే దేశంలో ఉద్యోగంలో చేరాడు. చేరిన మూడో వారంలో నాకు ఫోన్ చేసి, "మావయ్యా, మా టీమ్‌కి ఒక మెయిలు రాశాను, పంపేముందు ఒకసారి చూడవా" అన్నాడు. సెలవు చీటీ అనుకున్నాను. తీరా చూస్తే, తన పేరేమిటో, దాన్ని ఎలా పిలవాలో చెప్పే మెయిలు. ఇరవై ఏడేళ్ళ కుర్రాడు తన పేరు తనే వివరించుకోవలసి వచ్చింది. దాని వెనక నూటయాభై ఏళ్ళ కథ ఉంది.

వాడి అసలు పేరు ఇక్కడ రాయను. అచ్చం అలాంటిదే ఒక పేరు అనుకుందాం: కొత్తపల్లి వీర వెంకట సత్యనారాయణ. అమలాపురం బస్టాండులో ఈ పేరు పెట్టి కేకేస్తే ఇద్దరు ముగ్గురైనా వెనక్కి తిరుగుతారు. అన్నవరం కొండ మీద స్వామి పూర్తి పేరు శ్రీ వీర వెంకట సత్యనారాయణ స్వామి. పిల్లలు పుడితే నీ పేరు పెట్టుకుంటామని మొక్కుకున్న ఇళ్ళన్నిట్లో ఆ మూడు ముక్కలూ కలిసే దిగుతాయి. భీమవరంలో మావుళ్ళమ్మ పేరు మీద మావుళ్ళు, అంతర్వేది వైపు లక్ష్మీనరసింహం ఎలా వచ్చాయో ఇదీ అలాగే వచ్చింది. అంటే 'వీర', 'వెంకట' అనేవి విడిగా పేర్లు కావు. స్వామి పేరులో భాగాలు. ఇంట్లో వాడు సత్తిబాబు, కాలేజీలో సత్య. వీర అని వాణ్ణి ఎవరూ ఏనాడూ పిలవలేదు.

కొత్త ఆఫీసులో మాత్రం మొదటి రోజు నుంచే వాడు వీర. ఎవరో పిలుస్తూ ఉంటే పక్కవాణ్ణి కాబోలు అనుకుని తల తిప్పేవాడు కాదట. పొగరనుకుంటున్నారేమోనని వాడి బెంగ.

ఇక్కడ ముందు మన ఇంటిపేరు సంగతి చూడాలి. ఇంటిపేరు ముందుంటుంది, పేరు తర్వాత వస్తుంది అని అందరికీ తెలుసు. ఎందుకు ముందుంటుందో చాలామంది ఆలోచించరు. రాజమండ్రి వీరేశలింగం గారి ఇంటిపేరు కందుకూరి. ఊరి పేరైతే కందుకూరు. మొగల్లు కుటుంబంలో పుట్టిన సీతారామరాజుది అల్లూరి, ఊరైతే అల్లూరు. ఆ చివరి 'రి' ఊరికే రాలేదు. ఊరు అన్న మాట ఊరి చెరువు, ఊరి పెద్ద అన్నప్పుడు ఎలా మారుతుందో ఇదీ అంతే. చిన్నయసూరి బాలవ్యాకరణంలో ఔపవిభక్తికాలని చదువుకున్నది ఇదే. కందుకూరి వీరేశలింగం అంటే కందుకూరు వాళ్ళ వీరేశలింగం అని అర్థం. చివర 'ల' ఉన్న ఇంటిపేర్లు కూడా చాలావరకు ఈ బాపతే, ఫలానావాళ్ళ అని చెప్పేవి. కాబట్టి ఇంటిపేరు నిలబడాలంటే దాని తర్వాత ఇంకో మాట ఉండాలి. దాన్ని తీసుకెళ్ళి చివర పెట్టడమంటే 'ఊరి చెరువు'ని 'చెరువు ఊరి' అనడమే. కొత్తపల్లి లాంటి వాటిలో ఆ మార్పు పైకి కనబడదు గాని, లోపలి పని మాత్రం అదే.

శుభలేఖ చూడండి, తేలిగ్గా అర్థమవుతుంది. 'శ్రీ కొత్తపల్లి ఫలానా గారి ద్వితీయ పుత్రుడు' అని ఉంటుంది. 'గారు' అతికేది పేరుకి, ఇంటిపేరుకి కాదు. ఇంటిపేరుతో మర్యాద చూపాలంటే 'కొత్తపల్లి వారు' అంటాం, అప్పుడది ఇంటిల్లిపాదికీ వర్తిస్తుంది. ఒక్క మనిషిని ఎదురుగా పెట్టుకుని 'కొత్తపల్లి గారూ' అనేవాళ్ళు ఉన్నా తక్కువే. ఇంగ్లీషు మర్యాద దీనికి సరిగ్గా తలకిందులు: మిస్టర్ అన్నది ఇంటిపేరుకే తగులుతుంది. మర్యాదగా పిలుద్దామని ఒకరు, మర్యాదగా పిలిపించుకుందామని ఇంకొకరు చూస్తే, ఇద్దరి చేతులూ వేరే వేరే మాటల మీద పడతాయి.

ఇంగ్లీషు చదువులు వచ్చాక ఇంటిపేరు పొడి అక్షరమైంది. బడి రిజిస్టరులో కె.వి.వి. సత్యనారాయణ. మాకు అది బాగానే సరిపోయింది, క్లాసులో నలుగురు సత్యనారాయణలుంటే ముందున్న అక్షరంతో తేల్చుకునేవాళ్ళం. మద్రాసు నుంచి వచ్చిన ఈ పద్ధతిలో ఒక మేలుంది, పూర్తిగా రాసిన మాట ఏదో అదే పిలిచే పేరు. దాని చిక్కు దేశం దాటాక బయటపడింది.

మా గోదావరి వాళ్ళకి దగ్గరి ఉదాహరణ యల్లాప్రగడ సుబ్బారావు గారు. 1895లో భీమవరంలో పుట్టారు, అమెరికా వెళ్ళి హార్వర్డులో పనిచేశారు. రక్తంలో, కణాల్లో ఫాస్ఫరస్ ఎంతుందో రంగును బట్టి కొలిచే పద్ధతిని తోటి పరిశోధకుడు ఫిస్కేతో కలిసి 1925లో ప్రచురించారు. బయోకెమిస్ట్రీ చదివినవాళ్ళు దాన్ని ఫిస్కే-సుబ్బారో పద్ధతి అంటారు. ఒకసారి ఆ పేరు పరికించండి. ఫిస్కే అన్నది ఆ దొర ఇంటిపేరు. సుబ్బారో అన్నది మనవాడి పేరు. ఇంటిపేరు యల్లాప్రగడ ముందుంది కనక వాళ్ళ లెక్కలో అది మొదటి పేరైంది, చివరనున్న సుబ్బారావు వంశనామమైంది. గ్రంథసూచికల్లో ఆయన్ని వెతకాలంటే ఎస్ దగ్గర చూడాలి, Subbarow, Y. అని ఉంటుంది. ఆయన పోయిన కొన్నేళ్ళకి, 1953లో ఒక శిలీంధ్రానికి ఆయన పేరు మీదుగా Subbaromyces అని పేరు పెట్టారు. ఇంటిపేరు అందులోకీ రాలేదు. నన్నడిగితే ఆయనకి జరిగింది మా వాడికి జరిగినదానికన్నా నయం. తలకిందులైతే అయింది గాని, ప్రపంచం నోట నిలిచింది అమ్మానాన్నలు పెట్టిన పేరే.

మా వాడి తరానికి పొడి అక్షరాలు పోయాయి. పాస్‌పోర్టులో పొడి అక్షరాలు విప్పి రాయాలి, ఇంటిపేరుకి ఒక గడి, మిగతా పేరుకి ఒక గడి. పదో తరగతి సర్టిఫికెట్లో ఒకే వరసలో ఉన్న నాలుగు మాటల్ని ఇక్కడ రెండుగా చీల్చాలి. సరిగ్గా చీలిస్తే కింద యంత్రం చదివే మొదటి వరస ఇలా వస్తుంది:

```
P<INDKOTHAPALLI<<VEERA<VENKATA<SATYANARAYANA
```

IND తర్వాత ఇంటిపేరు, రెండు కోణాల దగ్గర అది అయిపోతుంది, ఆపైన పేరు, మాటకీ మాటకీ మధ్య ఒక్కో కోణం. ఈ వరసలో 44 స్థానాలే ఉంటాయి. లెక్కపెట్టండి, ఈ పేరు సరిగ్గా 44. మనలో చాలామంది రాసినట్టు Sathya అని ఒక్క h చేరిస్తే 45 అవుతుంది, ఎక్కడో ఒక అక్షరం వదులుకోవాలి. కొందరు గడి దగ్గర తికమకపడి మొత్తం పేరంతా ఒకే గడిలో రాసి ఇంటిపేరు ఖాళీ వదిలేస్తారు. వాళ్ళకి అమెరికా వీసా మీద ఆ పేరంతా ఇంటిపేరు స్థానంలోకి పోయి, పేరు ఉండాల్సిన చోట FNU అని పడుతుంది. మొదటి పేరు తెలియదు అని దానర్థం. అదే పేరనుకుని మనిషిని అలాగే పిలిచినవాళ్ళున్నారు. పెళ్ళయ్యాక ఇంటిపేరు మారే ఆడపిల్లల అవస్థ వేరే పెద్ద కథ, ఇక్కడ ఎత్తుకోను.

మా వాడి పాస్‌పోర్టులో తప్పేమీ లేదు. చిక్కంతా ఆ తర్వాతది. ఆఫీసు కంప్యూటరు పాస్‌పోర్టు పేరులో మొదటి మాట ఒకటి, ఇంటిపేరు ఒకటి తీసుకుని Veera Kothapalli అని తయారు చేసింది. పిలిచే పేరు మొదటనే ఉంటుందని దాని నమ్మకం. మనకి అది తరచు చివర ఉంటుంది.

వాడు నాకు పంపిన మెయిలు రెండు పేజీలు. తెలుగువాళ్ళ చరిత్ర, అన్నవరం, మొక్కు, అన్నీ ఉన్నాయి. "ఒరేయ్, వాళ్ళకి కావలసింది నిన్ను ఏమని పిలవాలా అని. నువ్వు స్థలపురాణం రాశావు" అన్నాను. ఇద్దరం కూర్చుని కోశాం. మిగిలింది తెలుగులో చెప్పాలంటే ఇంత:

"అందరికీ నమస్కారం. నన్ను సత్య అని పిలవండి. సిస్టంలో కనబడే Veera నా పేరులో ఒక భాగమే గాని, దాంతో నన్నెవరూ పిలవరు, అందుకే ఒకోసారి పలక్కపోయి ఉంటాను, క్షమించండి. పలకడం SUT-yuh, రెండూ పొట్టిగా. కొత్తపల్లి మా కుటుంబం పేరు, కాగితాల మీద అది చాలు. ఇప్పటిదాకా వేరేగా పిలిచినవాళ్ళు ఏమీ అనుకోవద్దు, నేనే ముందు చెప్పాల్సింది."

పలకడం దగ్గరే కాస్త వాదించుకున్నాం. Satya అని చూస్తే ఇంగ్లీషువాళ్ళు 'సాట్యా' అని సాగదీస్తారు. ఆ మొదటి అచ్చు పొట్టిదని చెప్పడానికే u పెట్టాం, వాళ్ళు but అనేటప్పటి అచ్చు అది. త మాత్రం వాళ్ళ నోట ట గానే వస్తుంది. నాలుక పళ్ళకి తగలాలి అని రాస్తానన్నాడు, వద్దన్నాను. అచ్చు కుదిరితే పేరు గుర్తుపట్టొచ్చు, హల్లు కోసం పాఠం మొదలుపెడితే అసలు పిలవడమే మానేస్తారు. మనం th రాయడం గురించి కూడా అనుకున్నాం. ట కి t వాడేశాం కనక త కి th అని మన దక్షిణాది సర్దుబాటు. పుణె కుర్రాడు అది చూసి థ అంటాడు, లండన్ వాడు ఇంకోలా అంటాడు.

'మిస్టర్ వీర అనొద్దు' అన్న వాక్యం కూడా తీయించాను. అలా ఒక మెయిల్లో సంబోధించింది వాళ్ళ పై అధికారే. ఎవరు అన్నారో అందరికీ తెలిసిపోతుంది. ఆయనకి వాడు విడిగా ఒక ముక్క చెప్పుకుంటే సరిపోతుంది.

మెయిలు పంపిన రోజే నలుగురు సత్య అని జవాబిచ్చారట. తెర మీద కనబడే పేరు మార్చమని అడిగితే రెండు రోజుల్లో Satya Kothapalli అయింది. మెయిలు అడ్రసు మాత్రం చేరినప్పుడు పడింది పడినట్టే ఉంటుందన్నారు, దానికి చాలా ఖాతాలు ముడిపడి ఉన్నాయట. ఇప్పటికీ veera.kothapalli అనే వస్తుంది. మా అమ్మకి మనవడి కార్డు ఫోన్లో చూపించి చదివి వినిపిస్తే, కళ్ళజోడు సర్దుకుని అడిగింది: "ఈ వీర ఎవర్రా? మన సత్తిబాబుది చూపించు."