అపోహలు – వాస్తవాలు: బస్సు ఎక్కకపోతే పోయేదేముంది?

నల్లగొండలో మానసిక వైద్యుడిగా నా దగ్గరికొచ్చే పానిక్ కేసుల్లో చాలామంది నేరుగా రారు. ముందు ఆర్‌ఎంపీ దగ్గర సెలైన్, తర్వాత ఈసీజీ, మధ్యలో గ్యాస్ గోలీలు, ఒక తాయెత్తు. ఆ తర్వాత నేను. గుండె పరీక్ష చేయించుకోవడాన్ని మాత్రం తప్పు పట్టను. మొదటిసారి ఛాతీ పట్టేస్తే అది పానిక్కే అని ఇంట్లో కూర్చుని తేల్చకూడదు.

అపోహ: ఒక్కసారి వచ్చిందంటే జబ్బు పట్టినట్టే.

కాదు. గుండె దడ, చెమట, ఊపిరాడకపోవడం, చేతుల్లో తిమ్మిరి, చచ్చిపోతానన్న భయం అన్నీ కలిసి నిమిషాల్లో తారస్థాయికి చేరి దిగిపోతే అది పానిక్ అటాక్. జీవితంలో ఒకటి రెండుసార్లు వచ్చి మళ్లీ రానివాళ్లు ఎందరో. కారణం కనపడకుండా మళ్లీ మళ్లీ వస్తూ, కనీసం నెల రోజులు ‘ఇంకోసారి వస్తే ఎట్లా’ అన్న బెంగ వదలకపోయినా, ఆ బెంగతో నడవడికే మారిపోయినా అప్పుడు పానిక్ డిజార్డర్ అంటాం. థైరాయిడ్ వంటి ఇతర కారణాలు లేవని చూసుకున్నాకే.

అపోహ: భయమయ్యే చోటికి పోకుంటే సరి.

నన్నడిగితే అన్నిటికంటే నష్టం చేసేది ఇదే. ఒకాయన సంగతి చెప్తాను, గుర్తుపట్టకుండా వివరాలు మార్చి. రైసుమిల్లులో గుమాస్తా, ముప్పై దాటిన మనిషి. హైదరాబాద్ పోయే బస్సులో చిట్యాల దగ్గర మొదటిసారి వచ్చింది. “పానం పోయినట్టే అయింది సార్, ఆపమని దిగిన. దిగంగనే తగ్గింది.”

ఆ ఆఖరి మాటలోనే ఉంది చిక్కంతా. అటాక్ ఎట్లాగూ దిగిపోయేదే. కానీ దిగడం వల్లే బతికానని ఆయన మనసు లెక్క రాసుకుంది. రెండోసారి టికెట్ తీసుకుని కూడా ఎక్కలేదు. వెంటనే హాయి అనిపించింది. ఆ హాయే అలవాటైంది. ఎక్స్‌ప్రెస్ బస్సు మానేసి, ఎక్కడంటే అక్కడ ఆగుతుందని పల్లెవెలుగు ఎక్కాడు. తర్వాత అదీ మానేశాడు. మెడ చుట్టూ గుడ్డ కట్టి కూర్చోబెడితే లేవలేనని మంగలి షాపు మానేశాడు, బ్యాంకు లైను మానేశాడు. పెళ్లికి పోతే ఫంక్షన్ హాల్ తలుపు పక్క కుర్చీయే. ఎనిమిది నెలలకు, భార్య బండి వెనక కూర్చుంటే తప్ప మిల్లుకు కూడా పోలేని స్థితి. దీన్ని అగోరాఫోబియా అంటాం. ‘బయటి భయం’ అంటే సగమే చెప్పినట్టు. అసలు భయం ‘అటాక్ వస్తే తప్పించుకోలేను, ఎవరూ ఆదుకోరు’ అన్నది.

అపోహ: తోడుండి, జేబులో గోలీ ఉంటే ధైర్యంగా తిరగొచ్చు.

తిరగొచ్చు, భయం మాత్రం పోదు. ఇందులో నా పొరపాటూ ఉంది. ఆయనకు మెట్లు మెట్లుగా పని ఇచ్చాను. ముందు బస్టాండులో అరగంట నిలబడాలి. తర్వాత ఒక్కడే నార్కట్‌పల్లి దాకా పోయి రావాలి. ఆ పైన చౌటుప్పల్, చివరికి హైదరాబాద్. ప్రతి మెట్టూ వారంలో నాలుగైదుసార్లు. ఎక్కేముందు ‘ఏం జరుగుతుందనుకుంటున్నా’ అని, దిగాక ‘ఏం జరిగింది’ అని కాగితం మీద రాయాలి. నార్కట్‌పల్లికి పదిసార్లు పోయొచ్చినా భయం అంగుళం కదల్లేదు. అడిగితే అంగీ జేబులోంచి, ఆందోళనను త్వరగా తగ్గించే అల్ప్రాజోలం గోలీల స్ట్రిప్పు తీశాడు, ఒక్క గోలీ కూడా వాడలేదు. “ఇది ఉంది గనకనే ఏం కాలే సార్.” మొదటి రోజే అడగాల్సిన ప్రశ్న నేను అడగలేదు. స్ట్రిప్పు ఇంట్లో పెట్టి పోయిన రోజు భయం నూటికి ఎనభై అని రాశాడు. నాలుగో ట్రిప్పుకు నలభై.

రోజూ వాడేవాళ్లు మాత్రం ఆ గోలీని ఒక్కసారిగా ఆపకూడదు, డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించుకోవాలి. వాడగా వాడగా అలవాటైపోయే మందు అది. పానిక్‌కు మేం ముందుగా ఎంచుకునే ఎస్‌ఎస్‌ఆర్‌ఐ మందులు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. మొదట్లో కాస్త ఆందోళన పెంచవచ్చు కూడా, అందుకే చిన్న డోసుతో మొదలుపెడతాం. ఆ ముక్క చెప్పకపోతే నాలుగో రోజే మందు మానేస్తారు.

అపోహ: తల తిరిగిందంటే బస్సులోనే పడిపోతా.

సాధారణంగా స్పృహ తప్పేది బీపీ పడిపోతే. పానిక్‌లో గుండె వేగం, బీపీ పెరుగుతాయి. గబగబా ఊపిరి తీయడం వల్ల రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి తల తేలిపోతుంది, వేళ్లు తిమ్మిరెక్కుతాయి. ఇది మాటతో నమ్మరు. గుండె జబ్బు, ఆస్తమా, మూర్ఛ, గర్భం లేవని చూసుకుని, నా గదిలోనే ఒక నిమిషం వేగంగా ఊపిరి తీయిస్తాను. గుమాస్తా వేళ్లు చూసుకుంటూ, “అరె, గిదే సార్, బస్సుల గిదే అయింది” అన్నాడు. ఇంకోసారి చేద్దామా అంటే, ఈసారి తనే గడియారం చూసి మొదలుపెట్టాడు.