మనిషికి రోజుకు ఎన్ని బండ్లు? సర్వీసింగ్ షెడ్డులో అపోహలు - వాస్తవాలు

నల్లగొండలో బైక్ సర్వీసింగ్ షెడ్డు నాది. మెకానిక్‌లు నలుగురు, వాషింగ్ ర్యాంపు ఒకటి.

అపోహ: సర్వీసింగ్‌కు 50 నిమిషాలు, డ్యూటీ 9 గంటలు. మనిషికి పది బండ్లు ఖాయం.

నేనూ ఇదే లెక్కతో పొద్దున్నే బండ్లన్నీ దింపుకునేవాణ్ని. సాయంత్రం తిప్పర్తి నుంచి వచ్చినాయన "అన్నా, ఏడు దాటింది, చీకట్ల ఎట్ల పోవాలె?" అంటే జవాబు ఉండేది కాదు. చివరికి రెండు వారాలు ప్రతి పనికీ మొదలు, ముగింపు టైము రాయించాను.

మనిషికి రోజుకున్న 540 నిమిషాల్లో భోజనానికి, చాయ్‌లకు 75 పోయాయి. ఇంకో 85 "జర బ్రేకు టైట్ చెయ్యి" అని వచ్చి నిలబడేవాళ్లకు, స్పేర్ పార్టు కోసం ఎదురుచూడటానికి, చైన్ మార్చమంటారా అని ఓనర్‌కు ఫోన్ చేయడానికి పోయాయి. మిగిలింది 380. ఇక ఆ 50 నిమిషాలు చేతిలో స్పానర్ ఉన్నంతసేపే. ట్రయల్, జాబ్ కార్డు కలిపితే సగటున 62. అంటే రోజుకు ఆరు బండ్లు.

ఆ ఆరు కూడా మాట ఇవ్వను. తుప్పు పట్టి నట్టు ఊడని బండి ఒక్కటి తగిలితే 110 నిమిషాలు మింగేస్తుంది. అందుకే ముందుగా ఒప్పుకునేవి మనిషికి ఐదే.

అపోహ: సాయంత్రం గుర్తు చేసుకుని రాసినా సరిపోతుంది.

అలా రాస్తే అన్నీ అరగంట, ముప్పావుగంట అయిపోతాయి. రెండు నిమిషాల బ్రేకు పనులు అసలు కనిపించవు. పని మారినప్పుడే రాయాలి. చివర్లో మొత్తం కూడితే 540కి దగ్గరగా రావాలి. 400 వచ్చిందంటే 140 నిమిషాలు ఎక్కడో రాయకుండా పోయాయన్నమాట.

అపోహ: టైము రాయించేది మెల్లగా చేసేవాణ్ని పట్టుకోవడానికే.

మావాళ్లూ అట్లనే అనుకున్నరు. మొదటి రెండు రోజులు అందరి కాగితాల్లో 50, 50, 50. సున్నాతో ముగిసే అంకెలే వరుసగా కనిపిస్తే అది గడియారం చూసి రాసింది కాదు. కాగితం మీద పేరు తీసేసి బండి మోడల్, పని మాత్రమే ఉంచాను. మూడో రోజు నుంచి 48, 71, 110 రావడం మొదలైంది. (ఆ రెండు రోజులవి లెక్కలోంచి తీసేశాను.)

అపోహ: మనిషికి ఐదైతే నలుగురికి ఇరవై.

ఇక్కడ నేను మళ్లీ బోల్తా పడ్డాను. బండి కడగడానికి 25 నిమిషాలు, వాషింగ్ అబ్బాయికి దొరికేది 465. అంటే 18 బండ్లు. మెకానిక్‌లు ఖాళీగా ఉన్నా ర్యాంపు దగ్గర క్యూ కదలదు. ఇప్పుడు మా షెడ్డు లెక్క 18. ఆ పైన వచ్చేవాళ్లలో వాషింగ్ వద్దన్న బండి మాత్రమే అదే రోజు తీసుకుంటాను.