రీల్ కటింగ్‌లో అపోహలు - వాస్తవాలు: ఒక పంక్చర్ వీడియో సాక్షిగా

ఎడిటింగ్‌కి ఎవరు ఫుటేజ్ పంపినా దానితో పాటు ఒక మాట కూడా వస్తుంది: "కొంచెం ఫాస్ట్‌గా ఉండేలా చూడండి." ఫాస్ట్ అంటే ఏంటని అడిగితే ఒక్కొక్కరు ఒక్కోటి చెబుతారు. అందుకే ఈమధ్య నేను కట్ చేసిన ఒక వీడియోనే ముందు పెట్టుకుని మాట్లాడతాను. సైకిల్ ట్యూబ్‌కి పంక్చర్ వేయడం చూపించే వీడియో అది. నా చేతికి వచ్చినప్పుడు 2 నిమిషాల 40 సెకన్లు, పూర్తయ్యేసరికి 41 సెకన్లు.

అపోహ: మొదటి మూడు సెకన్లలో జనాన్ని అదరగొట్టాలి

అదరగొట్టడం అంటే చాలామందికి గుర్తొచ్చేవి పెద్ద సౌండు, జూమ్, "ఇది చూస్తే షాక్ అవుతారు" అనే అక్షరాలు. ఇవి వేళ్లను ఒక క్షణం ఆపుతాయి, నిజమే. కానీ తర్వాతి షాట్‌లో ఆ షాక్ ఏమీ కనిపించకపోతే, ఆగిన వేలే మళ్లీ పైకి తోసేస్తుంది. ఏ సెకను దాకా ఎంతమంది చూశారో చూపే రిటెన్షన్ గ్రాఫ్‌లో ఆ చోట గీత మెట్టు దిగినట్టు పడిపోతుంది.

ఓపెనింగ్ చేయాల్సిన పని ఒక్కటే: వీడియో దేని గురించో చూపించి, జవాబు తెలియని ప్రశ్న ఒకటి చూసేవాళ్ల మనసులో వేయడం. మన పంక్చర్ వీడియో మొదట్లో "అందరికీ నమస్కారం, ఈరోజు మనం..." అంటూ 9 సెకన్లు ఉంది. టైటిల్ ఎలాగూ చెప్పే విషయమే కాబట్టి అది మొత్తం పోయింది. టైమ్‌లైన్‌లో వెతుకుతుంటే 1:12 దగ్గర దొరికింది అసలు ఓపెనింగ్. వీడియోలో పంక్చర్ వేసే ఆయన అంతకుముందు ఎవరో వేసిన ప్యాచ్‌ని గోరుతో లాగుతారు, అది చర్రున ఊడి వచ్చేస్తుంది. "చూడండి, గోటితోనే వచ్చేసింది" అంటారు. ఆ రెండు సెకన్లను తీసుకెళ్లి మొదట్లో పెట్టాను.

ఇక్కడ కట్ ఎక్కడ పడిందన్నది ముఖ్యం. ఆయన చెయ్యి ట్యూబ్ వైపు వెళ్లే దగ్గర మొదలుపెట్టలేదు. గోరు అప్పటికే ప్యాచ్ కిందకి దూరిన ఫ్రేమ్‌లో మొదలుపెట్టాను. పని సగంలో ఉండగా షాట్ మొదలైతే కన్ను దాని ముగింపు కోసం ఆగుతుంది. మొదటి ఫ్రేమ్‌లో బ్లాక్, ఫేడ్ ఇన్, లోగో యానిమేషన్ లాంటివి ఉంటే మాత్రం మొహమాటం లేకుండా తీసేయండి.

అపోహ: రెండు సెకన్లకో కట్ పడితేనే వేగం

నేను కూడా కొంతకాలం ఇలాగే నమ్మాను. మాటల మధ్య ఊపిరి కూడా మిగలకుండా కోసేవాణ్ణి. పూర్తయ్యాక వింటే మనిషి మాట్లాడుతున్నట్టు కాక, ఎవరో వెంట తరుముతున్నట్టు ఉండేది.

వీడియో సాగదీసినట్టు అనిపించడానికి కారణం షాట్ పొడవు కాదు. చూసేవాళ్లకి అర్థమైపోయిన తర్వాత కూడా షాట్ అక్కడే ఉండటం. ట్యూబ్‌ని నీళ్లలో ముంచితే బుడగలు వస్తాయి, రంధ్రం అక్కడే ఉంది. ఇది సెకనున్నరలో అర్థమైపోతుంది. అసలు ఫుటేజ్‌లో అది 20 సెకన్లు ఉంది. ట్యూబ్ తుడవడం, గరుకు కాగితం వెతుక్కోవడం, రుద్దడం అన్నీ కలిపి మూడు షాట్లలో అయిపోయాయి.

కానీ సొల్యూషన్ రాసిన తర్వాత ఆరేదాకా ఆగే షాట్‌ని 6 సెకన్లు అలాగే ఉంచాను. మొత్తం వీడియోలో అదే పొడవైన షాట్. మొదట్లో ప్యాచ్ ఊడిపోవడానికి కారణం తడి మీదే అంటించడం. జవాబు ఈ ఎదురుచూపులోనే ఉంది. అక్కడ కూడా చకచకా కోస్తే చూసేవాళ్లకి "రాసి వెంటనే అంటించారు" అన్నట్టే కనిపిస్తుంది, అంటే వీడియో తప్పు నేర్పుతుంది. పైగా చుట్టూ ఉన్న షాట్లన్నీ చిన్నవి కాబట్టి ఈ ఒక్కటి ఆగగానే ఇక్కడేదో ఉందని కన్నుకు తెలుస్తుంది.

మాటల మధ్య ఖాళీలు తీసేటప్పుడు నా లెక్క ఇది. సెకనుకు 30 ఫ్రేమ్‌ల వీడియోలో మాట మొదలయ్యే ముందు 2, 3 ఫ్రేమ్‌లు, మాట ముగిశాక 4, 5 ఫ్రేమ్‌లు వదులుతాను. శబ్దాన్ని గీతలా చూపే వేవ్‌ఫామ్ సన్నబడగానే కోస్తే చివరి అచ్చు తెగిపోతుంది. "రుద్దాలి" కాస్తా "రుద్దాల్" అవుతుంది. ఆడియో కట్ దగ్గర టప్‌మని వినిపిస్తే ఒక శబ్దం తగ్గుతూ ఇంకోటి పెరిగే క్రాస్‌ఫేడ్ రెండు ఫ్రేమ్‌లు చాలు. మొహం ఎగిరినట్టు కనిపించే జంప్ కట్ మీద చేతుల క్లోజప్ వేయండి. అది లేకపోతే తర్వాతి ముక్కని 115 శాతం దాకా పెంచండి. 103 శాతం లాంటి చిన్న తేడా అయితే పొరపాటున జరిగినట్టే ఉంటుంది.

అపోహ: ఆటో క్యాప్షన్ ఆన్ చేస్తే పని అయిపోయినట్టే

ఈ వీడియోలో ఆయన చెప్పిన అసలు మాట: "సొల్యూషన్ ఆరాక అంటించాలి." ఆటో క్యాప్షన్ రాసింది: "సొల్యూషన్ ఆరక అంటించాలి." ఒక్క దీర్ఘం పోయింది, అర్థం తలకిందులైంది. మ్యూట్‌లో చూసేవాళ్లు సరిగ్గా ఆ తప్పే చేస్తారు. అందుకే ఆటో క్యాప్షన్‌ని టైపింగ్ తగ్గించే చిత్తుప్రతిగానే వాడుకుంటాను. తర్వాత సౌండుతో ఒకసారి, సౌండు లేకుండా ఒకసారి చదువుతాను.

ఒక్కో మాట ఎగిరి పడే స్టైల్ ఇప్పుడు అందరూ అడుగుతున్నారు. తెలుగులో అది అంత బాగా కుదరదని నా అభిప్రాయం. "అంటించకూడదు" లాంటి పొడవైన మాట అర సెకను కనిపించి పోతే కాదన్నారో అవునన్నారో పట్టుకోలేం. వ్యతిరేకార్థం మాట చివర్లోనే కదా ఉండేది! నేను ఒకసారికి మూడు నాలుగు మాటలు, అర్థం తెగని చోట విరిచి పెడతాను.

ఇంకో తలనొప్పి వత్తులు. అక్షరాల మధ్య దూరం మార్చినా, మందపాటి అవుట్‌లైన్ వేసినా కొన్ని యాప్‌లలో వత్తు పక్కకి జరుగుతుంది, లేదా అక్షరంలో కలిసి మూసుకుపోతుంది. రెండు వరుసలు దగ్గరగా ఉంటే పై వరుస వత్తు కింది వరుస గుడికి తగులుతుంది. ఫాంట్ మార్చినప్పుడల్లా "సొల్యూషన్", "రుద్దాక" లాంటి మాటలు పెట్టి చూసుకోండి. అవుట్‌లైన్ బదులు అక్షరాల వెనక నల్లటి పట్టీ వేస్తే ఈ గొడవ సగం తగ్గుతుంది.

చోటు విషయానికొస్తే, ఫ్రేమ్ అడుగున అకౌంట్ పేరు, వివరణ వస్తాయి, కుడివైపు బటన్లు వస్తాయి. 1080x1920 ఫ్రేమ్‌లో నేను క్యాప్షన్‌ని పై నుంచి 1250 పిక్సెల్‌ల దగ్గర పెడతాను, చేతులు అడ్డొస్తే పైకి జరుపుతాను. మానిటర్ మీద కాదు, ఫోన్‌లో చెక్ చేయాలి.

అపోహ: అడ్డంగా తీసినదాన్ని మధ్యలో క్రాప్ చేస్తే నిలువు వీడియో అవుతుంది

అవుతుంది, కాకపోతే చేయి ఒకవైపు, ట్యూబ్ ఒకవైపు తెగిపోతాయి. షాట్ షాట్‌కీ ఫ్రేమ్‌ని పక్కకి జరుపుకోవాలి. 1080లో అడ్డంగా తీసినదైతే నిలువుకి దాదాపు 1.8 రెట్లు సాగదీయాల్సి వస్తుంది, మసకబారుతుంది. 4కె అయితే పర్వాలేదు.

అపోహ: చివర్లో థాంక్యూ, లైక్, షేర్ ఉండాలి

ఫుటేజ్ చివర అవి 14 సెకన్లు ఉన్నాయి. తీసేశాను. కొత్త ప్యాచ్‌ని ఆయన మళ్లీ గోరుతో లాగే షాట్‌తో ముగించాను. ఈసారి అది కదలదు. చెయ్యి ట్యూబ్ మీద ఉండగానే కట్ పడింది. వీడియో మళ్లీ మొదలైతే అదే చెయ్యి, అదే గోరు, ఊడి వచ్చే పాత ప్యాచ్. రెండోసారి మొదలైందని నాకే ఒక క్షణం తెలియలేదు.